ముందు పుట్టుక రికార్డు, తర్వాత బడి, చివర ఆధార్
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము ఎంతమంది పిల్లలకు ఫీజు కట్టామో, ఎంతమందికి పుస్తకాలిచ్చామో లెక్క చెబుతాం. ఆ లెక్క ఈ సంచికలో వేరే పేజీలో ఉంది. ఈ రోజు మాత్రం డబ్బు ఉండి కూడా ఆగిపోయే ఒక పని గురించి చెప్పదలచుకున్నాం. అది ఆధార్‌లో తప్పుగా పడిన పుట్టిన తేదీ. మీరిచ్చిన డబ్బుతో ఫీజు కట్టినా, తేదీ సరిపోలకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఆ తేదీని దిద్దడానికి సాధారణంగా ఒక్కసారే అవకాశం ఇస్తారు. ఆ ఒక్కసారిని ఏ కాగితంతో వాడుకోవాలన్నదే మేము చెప్పబోయేది.

2024 అక్టోబరు, నవంబరు నెలల్లో మన రాష్ట్రంలో బడులన్నిటిలో అపార్ నంబర్ల పని జరిగింది. విద్యార్థి చదువు రికార్డంతా ఒకే నంబరు కింద ఉంచే ఏర్పాటు అది. బడి రికార్డులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న వివరం ఆధార్‌తో సరిపోలితేనే ఆ నంబరు పుడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో తరగతి చేస్తుంటే సరిపోలని పిల్లలు బయటపడ్డారు. వాళ్లలో కూచిపూడి దగ్గరి ఒక పదో తరగతి అమ్మాయి ఉంది. పేరు అవసరం లేదు. ఆ అమ్మాయి చదువుకు మన సంస్థ మూడేళ్లుగా సాయం చేస్తోంది. ఆమె కథే మొదటి నుంచి చివరిదాకా చెబుతాం, ఎందుకంటే మన ఇళ్లలో జరిగే పొరపాట్లన్నీ ఆ ఒక్క కథలో ఉన్నాయి.

ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ 01-01-2008. బడి అడ్మిషన్ రిజిస్టర్లో 10-06-2010. తల్లిని పిలిచి అడిగితే ఆమె రెండూ కాదంది.

"మాస్టారూ, ఇది పుట్టింది బక్రీద్ ముందురోజండీ. ఆ రోజు జుమ్మా. ఈయన ఆస్పత్రి నుంచే నమాజుకు పోయాడు. ఏ సంవత్సరమో తేదీ ఏదో నాకు తెలీదు."

ఒక పిల్లకు మూడు పుట్టిన రోజులు. ముందుగా ఆ రెండు తప్పు తేదీలు ఎలా వచ్చాయో చూద్దాం.

ఆధార్ తేదీ సంగతి. 2013లో ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు తండ్రి పిల్లను ఎత్తుకుని వెళ్లాడు. చేతిలో కాగితం లేదు. వయసెంత అని అడిగితే "నాలుగో అయిదో" అన్నాడు. కాగితం చూపకుండా వయసు మాత్రమే చెబితే, దాన్నిబట్టి సంవత్సరం లెక్కగట్టి నమోదు చేసుకునే వీలు అప్పుడుంది. అలా చేసిన రికార్డుల్లో చాలావాటికి జనవరి 1 పడింది. అందుకే మీ ఇంట్లో ఎవరి ఆధార్‌లోనైనా జనవరి 1 అని ఉంటే, అది నిజమైన పుట్టినరోజు కావచ్చు, కాకపోవచ్చు. ఒకే ఇంట్లో ముగ్గురికి జనవరి 1 ఉంటే మాత్రం అది లెక్కగట్టిన తేదీయే అనుకోండి.

ఇక బడి తేదీ సంగతి. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది. పిల్ల 2015 జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోయారు. మేము ఏం చేశామంటే, ఒకటో తరగతికి అయిదేళ్లు నిండాలి కాబట్టి చేరిన రోజు నుంచి అయిదేళ్లు వెనక్కి లెక్కపెట్టి తేదీ రాసేశాం. మా తరం ఉపాధ్యాయులు చేసిన పని ఇది. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే జూన్, జూలైలలో పుట్టిన పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. ఆ పిల్లలందరూ వేసవి చివర పుట్టలేదు. మా కలం చివర పుట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మూడు తేదీల్లో దేనికి విలువ? సంస్థ తరఫున తిరిగే మా కుర్రాళ్లలో ఒకరు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు. "బడి తేదీని అలాగే ఉంచుదాం. మార్చిలో పరీక్ష రాస్తుంది, టెన్త్ మెమోలో 10-06-2010 అని వస్తుంది. ఆ మెమో చూపించి ఆధార్ మార్పించేస్తే రెండూ ఒకటైపోతాయి కదా" అన్నారు. నిజమే, ఒకటైపోతాయి. పదో తరగతి మార్కుల మెమోను ఆధార్ కేంద్రంలో తీసుకుంటారు కూడా. కానీ అలా చేస్తే ఒక తప్పును ఇంకో తప్పుతో సరిపోల్చినట్టవుతుంది, పైగా ఉన్న ఒక్క అవకాశం దానికి ఖర్చయిపోతుంది. రేపు అసలైన జనన ధ్రువపత్రం బయటికొస్తే మళ్లీ మొదటికొస్తాం, ఈసారి దారి మరీ ఇరుకు.

ఏ కాగితం చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నదానికి మేము గుర్తుపెట్టుకున్న సూత్రం ఒకటుంది. పుట్టిన సమయానికి దగ్గరగా, రాయవలసిన బాధ్యత ఉన్న మనిషి, ఒక రిజిస్టర్లో వరుస నంబరుతో రాసిన కాగితానికి బలం ఎక్కువ. ఎప్పుడో తర్వాత, మనం చెప్పింది విని రాసిచ్చిన కాగితానికి బలం తక్కువ.

ఈ లెక్కన మొదటి స్థానం జనన ధ్రువపత్రానిది. దాని తర్వాత గుర్తింపు పొందిన బోర్డు లేదా విశ్వవిద్యాలయం ఇచ్చిన మార్కుల మెమో, మన దగ్గర ముఖ్యంగా పదో తరగతి మెమో. పాస్‌పోర్టు ఉంటే అదీ చెల్లుతుంది. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు పుట్టిన తేదీ, ఫొటో ఉన్న ఉద్యోగ గుర్తింపు కార్డు, రిటైరైనవాళ్లకు పింఛను మంజూరు పత్రం ఉంటాయి. మామూలు కుటుంబాలకు పనికొచ్చేవి ఇంతే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకైతే జనన ధ్రువపత్రం ఒక్కటే దారి, వాళ్లకు వేరే కాగితం ప్రశ్నే లేదు. ఆ తేదీన అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు చట్టం సవరణ ఆ పత్రానికి అంత బరువు పెట్టింది.

మన వాళ్లు ఎక్కువగా పట్టుకొచ్చే కాగితాలు వేరు. రేషన్ కార్డు తెస్తారు. అందులో వయసు ఇంటి పెద్ద చెప్పింది. నికానామా తెస్తారు. అది పెళ్లికి సాక్ష్యం, అందులో రాసిన వయసు ఎవరూ పరిశీలించి రాసింది కాదు. మస్జిదు కమిటీ లెటర్‌హెడ్ మీద రాయించుకొస్తారు. నోటరీ దగ్గర వంద రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్ చేయించుకొస్తారు. అఫిడవిట్ అంటే "నేను చెబుతున్నాను" అని మనమే సంతకం పెట్టడం. అది వేరే సాక్ష్యానికి తోడుగా నిలుస్తుంది గానీ తనంతట తాను సాక్ష్యం కాదు. వీటిలో ఏదీ పుట్టిన తేదీ మార్పుకు చాలదు. పాన్ కార్డు, గెజిటెడ్ అధికారి సంతకంతో ఇచ్చే పత్రం ఒకప్పుడు జాబితాలో ఉండేవి. ఆ రోజుల్లో పని జరిగినవాళ్లు ఇప్పటికీ అవే చెబుతుంటారు. జాబితా మారుతూ వచ్చింది, చిన్నదవుతూ వచ్చింది. అందుకే పక్కింటివాళ్ల మాట మీద కాకుండా, ఆధార్ సంస్థ ప్రకటించిన ఆ రోజటి జాబితా చూసి బయల్దేరాలి.

సరే, మన అమ్మాయికి జనన ధ్రువపత్రం ఎక్కడుంది? తల్లిదండ్రులు అప్పటికే తమ పంచాయతీలో వెతికించారు. లేదన్నారు. అక్కడే చాలామంది ఆశ వదిలేస్తారు. మేము అడిగిన ప్రశ్న ఒక్కటే, "కాన్పు ఎక్కడ జరిగింది?" జననం నమోదయ్యేది తల్లిదండ్రుల ఊళ్లో కాదు, బిడ్డ పుట్టిన ఊళ్లో. మన ప్రాంతంలో మొదటి కాన్పుకు పుట్టింటికి వెళతారు. ఈ తల్లి పుట్టిల్లు బందరు వైపు. కాన్పు అక్కడి ఆస్పత్రిలో. అంటే ఆ పట్టణ పురపాలక రిజిస్టర్లో వెతకాలి.

వెతకాలంటే తేదీ కావాలి. తల్లి చెప్పిన గుర్తు బక్రీద్ ముందురోజు, శుక్రవారం. ఒక కుర్రాడు ఫోన్లో హిజ్రీ తేదీని మార్చి చూసి 2009 నవంబరు 26 అని చెప్పాడు. ఆ రోజు గురువారం. తల్లి ఒప్పుకోలేదు, "జుమ్మా అని చెబుతున్నాగా" అంది. ఆమెదే నిజం. ఫోన్లోని లెక్క సౌదీ పంచాంగం ప్రకారం. అక్కడ ఆ ఏడు బక్రీద్ నవంబరు 27న వచ్చింది. మన దేశంలో నెలవంకను బట్టి 28, శనివారం చేసుకున్నాం. కాబట్టి ముందురోజు 27, శుక్రవారం. ఇంతా చేసి, ఈ లెక్క సాక్ష్యం కాదు. ఏ కార్యాలయమూ దీన్ని తీసుకోదు. కానీ రిజిస్టర్లో ఏ పేజీ తెరవాలో ఇది చెబుతుంది. తల్లుల జ్ఞాపకాన్ని మేము అందుకే రాసుకుంటాం. పండుగ, వారం, పంట, తుఫాను, ఏది చెప్పినా రాసుకుంటాం.

27-11-2009 తేదీతో, తల్లి పేరుతో వెతికిస్తే నమోదు దొరికింది. ఆస్పత్రి వాళ్లు అప్పుడే సమాచారం పంపారు, 2009 డిసెంబరు 4న నమోదైంది. అయితే బిడ్డ పేరు గడి ఖాళీ. కాన్పు జరిగిన వారంలో పేరు పెట్టి ఉండరు కాబట్టి చాలా నమోదుల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. తల్లిదండ్రులు తర్వాత వెళ్లి పేరు చేర్పించుకోవాలి. వీళ్లు వెళ్లలేదు. పేరు లేని ధ్రువపత్రం ఆధార్‌కు పనికిరాదు, ఎందుకంటే ఆ బిడ్డ ఈ అమ్మాయే అని అందులో ఎక్కడా లేదు.

ఇక్కడ మాకు గుండె ఝల్లుమంది. పేరు చేర్చడానికి గడువుంది. నమోదైన 12 నెలలలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత కొద్ది రుసుముతో, నమోదు తేదీ నుంచి 15 ఏళ్లలోపు చేర్చుకోవచ్చు. మేము రిజిస్టర్ నకలు చేతపట్టుకున్నది 2024 నవంబరు రెండో వారంలో. పదిహేనేళ్లు నిండేది డిసెంబరు 4న. మూడు వారాలు మిగిలాయి. ఆ గడువు దాటిన పాత నమోదులకు ప్రభుత్వం అప్పుడప్పుడూ అదనపు సమయం ఇస్తూ వచ్చిన మాట నిజమే గానీ, అది మన చేతిలో ఉన్నది కాదు. మర్నాడే తల్లిదండ్రులిద్దరినీ వాళ్ల ఆధార్ కార్డులతో, బడి నుంచి పిల్ల చదువు ధ్రువపత్రంతో పంపించాం.

పంపేముందు ఒక గంట కూర్చుని చేసిన పని ఒకటుంది, అది మరచిపోకూడదు. పిల్ల పేరును ఒక కాగితం మీద అక్షరం అక్షరం రాసిచ్చాం. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు మీకు తెలుసు. ఒకచోట SHAIK, ఒకచోట SK, ఒకచోట SHEIK. ముహమ్మద్‌కు అయితే MD, MOHD, MOHAMMAD. మనకు అవన్నీ ఒకటే. కంప్యూటర్‌కు అవి వేర్వేరు మనుషులు. ధ్రువపత్రంలో SK అని, ఆధార్‌లో SHAIK అని ఉంటే, తేదీ సరైనదే అయినా కాగితం ఆ మనిషిది కాదన్న అనుమానంతో దరఖాస్తు తిరస్కరించవచ్చు. అందుకని ఆధార్‌లో, బడిలో ఎలా ఉందో అలాగే ధ్రువపత్రంలో పేరు చేర్చమని రాసిచ్చాం. తల్లి పేరు, తండ్రి పేరు కూడా వాళ్ల ఆధార్ ప్రకారమే. పేరు ఎలాగూ కొత్తగా రాయిస్తున్నాం కాబట్టి ఈ మేలు దొరికింది. ఇప్పటికే పేరున్న పత్రమైతే, పేరులో తేడాను ముందు సరిచేసుకోవాలి. ఆధార్‌లో పేరు మార్పుకు రెండు అవకాశాలున్నాయి, తేదీకి ఒక్కటే. కాబట్టి తేదీ జోలికి వెళ్లే ముందే పేరు సంగతి చూసుకోవడం మేలు.

నవంబరు చివరికి పేరుతో ధ్రువపత్రం చేతికొచ్చింది. అప్పుడు బడి వంతు. పదో తరగతి పిల్లల వివరాలు నామినల్ రోల్ రూపంలో పరీక్షల విభాగానికి వెళతాయి. మెమోలో అచ్చయ్యేది ఆ రోల్లో ఉన్న తేదీయే. రోల్ ఖరారు కాకముందైతే, తల్లిదండ్రుల అర్జీ, జనన ధ్రువపత్రం నకలు జతచేసి, ప్రధానోపాధ్యాయుల ద్వారా పై అధికారుల ఆమోదంతో అడ్మిషన్ రిజిస్టర్ దిద్దుకోవచ్చు. పాత తేదీని చెరపకూడదు, దాని మీద తెల్లరంగు పూయకూడదు. చదవడానికి వీలుగా ఒక అడ్డగీత కొట్టి, పక్కన కొత్త తేదీ, ఏ ఉత్తర్వు ప్రకారం దిద్దారో రాసి సంతకం పెట్టాలి. దిద్దినట్టు కనిపించే రిజిస్టర్‌ను నమ్ముతారు, దిద్దిన సంగతి దాచిన రిజిస్టర్‌ను నమ్మరు. మెమో అచ్చయిపోయిన తర్వాతైతే ఇదే పనికి పరీక్షల విభాగందాకా వెళ్లాలి, నెలలు పడుతుంది, పాత జనన నమోదు లాంటి గట్టి ఆధారం లేకపోతే ఒప్పుకోరు. ఈ అమ్మాయి రోల్ ఖరారు కాకముందే పని పూర్తయింది.

చివరికి ఆధార్ కేంద్రం. పుట్టిన తేదీ మార్పుకు నమోదు కేంద్రానికి వెళ్లి అసలు ధ్రువపత్రం ఇవ్వాలి. అక్కడ దాన్ని స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తారు. జిరాక్సు తీసుకెళితే తిప్పి పంపుతారు. మన వైపు నుంచి విజయవాడలోని ఆధార్ సేవా కేంద్రానికైనా వెళ్లవచ్చు, దగ్గర్లో ఆధార్ సేవలున్న సచివాలయానికో, బ్యాంకుకో, పోస్టాఫీసుకో అయినా వెళ్లవచ్చు. ఒక్క తేదీ మార్పుకైతే 2025 అక్టోబరు నుంచి రుసుము 75 రూపాయలు, అంతకుముందు 50. అమ్మాయికి పదిహేనేళ్లు నిండాయి కాబట్టి వేలిముద్రలు, కంటిపాప ఎలాగూ మళ్లీ ఇవ్వాలి. పదిహేను నుంచి పదిహేడేళ్లలోపు అది ఉచితం. దాంతోపాటే తేదీ మార్పు కూడా చేయించాం. విడిగా ఏమీ కట్టలేదు.

కౌంటర్ దగ్గర చూసుకోవలసింది ఒక్కటే ఉంది. ఆపరేటర్ టైపు చేశాక, పంపే ముందు, తెర మీద మీరే చదవండి. రోజు, నెల తారుమారు కావడం మేము చూశాం. 05-08 కావలసింది 08-05 అయిన సందర్భముంది. ఒక్కసారి పంపాక అది మీ ఒక్క అవకాశం. ఆ తర్వాత ఇచ్చే రసీదులో కొత్త తేదీ సరిగ్గా ఉందో చూసి, ఆ రసీదును దాచుకోండి. దాని మీద ఉన్న నంబరుతోనే దరఖాస్తు ఎక్కడుందో తెలుస్తుంది. సాధారణంగా నెలలోపు తేలుతుంది. ఈ అమ్మాయికి మూడు వారాల్లో వచ్చింది. జనవరిలో ధ్రువపత్రం, బడి రికార్డు, ఆధార్ మూడింట్లోనూ 27-11-2009 అని ఉంది. అపార్ నంబరు వచ్చింది. మార్చిలో పరీక్ష రాసింది.

ఈ కథ ఇలా ముగియడానికి కారణం ఒక్కటే. పదిహేనేళ్ల కిందట ఎవరో ఆస్పత్రి గుమాస్తా తన పని తాను చేసి ఒక వరుస రాసిపెట్టాడు. అలాంటి వరుస లేనివాళ్ల సంగతేమిటి? వాళ్లూ మన దగ్గరికే వస్తారు.

దివిసీమ నుంచి వలస వచ్చిన ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చారు. "నేను ఉప్పెన ఏడు పుట్టాను మాస్టారూ" అన్నారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఆయన ఆధార్‌లో 01-01-1985 ఉంది. బడికి వెళ్లలేదు, పాస్‌పోర్టు లేదు, ఇంట్లో పుట్టారు, ఎక్కడా నమోదు లేదు. ఇలాంటి వారికి మిగిలిన దారి ఆలస్యంగా జనన నమోదు చేయించుకోవడం. పుట్టిన ఊరి పంచాయతీలో వెతికించి, రికార్డు లేదని ధ్రువీకరణ తీసుకోవాలి. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే మెజిస్ట్రేట్ అధికారం ఉన్నవారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఆ దరఖాస్తు ఆర్డీఓ గారికి వెళుతుంది. విచారణ జరుగుతుంది. ఆ విచారణలో ఇందాక చెల్లవన్న కాగితాలకే కొంత విలువ వస్తుంది. తోబుట్టువుల బడి రికార్డు, పాత ఓటర్ల జాబితాలో రాసిన వయసు, ఊరి పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ కలిపి చూస్తారు. అన్నగారు 1975లో పుట్టినట్టు బడి రికార్డుంటే, తమ్ముడు 1985 కాదు, 1977 అన్న మాటకు కొంత ఆధారం దొరుకుతుంది. అయినా ఉత్తర్వు వస్తుందన్న హామీ లేదు. ఆ పెద్దమనిషి దరఖాస్తు ఇంకా విచారణలోనే ఉంది.

ఇంకో రకం వాళ్లున్నారు. ఒకసారి తేదీ మార్పించుకున్నారు, అదీ తప్పయింది. వీళ్లకు కేంద్రంలో కౌంటర్ దగ్గర పని జరగదు. ప్రత్యేక మినహాయింపు కోరాలి. 1947 నంబరుకు ఫోన్ చేసి దరఖాస్తు నమోదు చేయించి, హైదరాబాదులోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం పరిశీలనకు పంపాలి. అక్కడ జనన ధ్రువపత్రమే అడుగుతారు, మొదటిసారి ఎందుకు తప్పు తేదీ ఇచ్చారో వివరిస్తూ ప్రమాణపత్రం అడుగుతారు. మొదటిసారి ఒక జనన ధ్రువపత్రం చూపి, రెండోసారి వేరే తేదీతో ఇంకో ధ్రువపత్రం చూపితే అది తప్పు దిద్దుకోవడం కాదు, అనుమానానికి చోటివ్వడం.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామంటే, తేదీ మార్పు అడిగేవాళ్లందరూ నిజం కోసం అడగరు. పింఛనుకు అరవై నిండాలని వయసు పెంచమనేవారున్నారు. ఉద్యోగానికి వయసు తగ్గించమనేవారున్నారు. ఆడపిల్ల పెళ్లికి పద్దెనిమిది చూపించమనేవారూ ఉన్నారు. ఆ పనికి మన సంస్థ మనిషి తోడు వెళ్లడు, మన డబ్బు ఖర్చు కాదు. ఇలాంటి మార్పుల వల్లే నిబంధనలు బిగిసి, నిజంగా తప్పు పడినవాళ్లు కూడా ఇబ్బంది పడుతున్నారు.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక సందేహం రావాలి. ఆధార్ కార్డు మీదే ఇప్పుడు అది గుర్తింపుకు రుజువేగానీ పుట్టిన తేదీకి రుజువు కాదని అచ్చవుతోంది. 2024 జనవరిలో భవిష్యనిధి సంస్థ పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. అదే ఏడు అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో మృతుడి వయసు తేల్చడానికి ఆధార్‌ను కాదని బడి ధ్రువపత్రంలోని తేదీని తీసుకుంది. మరి రుజువే కాని తేదీని దిద్దడానికి ఇంత తిరుగుడు ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, రుజువు కాకపోయినా పోలిక దానితోనే. బడి నంబరు, స్కాలర్‌షిప్, బ్యాంకు ఖాతా, పింఛను, ప్రతి దరఖాస్తూ ముందు ఆధార్ వివరంతో పోల్చి, తేడా ఉంటే ఆగిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ తీర్పు చెబుతున్నది మనం మొదటి నుంచి చెప్పుకుంటున్నదే. అసలు సాక్ష్యం ఆధార్ కాదు, దాని వెనక ఉన్న రిజిస్టర్. ఆధార్ తేదీ ఆ రిజిస్టర్ నీడ. నీడను దిద్దాలంటే ముందు వస్తువు సరిగ్గా ఉండాలి. ఇంకో మాట కూడా ఆ తీర్పులో మాకు వినిపించింది. మనిషి పోయిన తర్వాత కుటుంబానికి వచ్చే పరిహారం ఎంతో, ఎప్పుడో ఒక మాస్టారు అడ్మిషన్ రిజిస్టర్లో రాసిన తేదీ తేల్చవచ్చు. అయిదేళ్లు వెనక్కి లెక్కపెట్టి తోచిన తేదీ రాసిన చేతులు మావి. ఈ పని మీద ఇంత తిరుగుతున్నది అందుకు కూడా.

దాతలకు చివరగా మా లెక్క. ఈ అమ్మాయి పని మొత్తానికి కార్యాలయాల్లో కట్టిన రుసుము చాలా కొద్ది. అసలు ఖర్చు తల్లిదండ్రులు బందరుకు నాలుగుసార్లు తిరిగిన బస్సు చార్జీలు, పోగొట్టుకున్న నాలుగు రోజుల కూలి. ఆ కూలి భయంతోనే చాలామంది మొదటిసారి తిరిగొచ్చాక మళ్లీ వెళ్లరు, మధ్యవర్తికి డబ్బిచ్చి తప్పుడు కాగితం కొనుక్కుంటారు. అందుకని వచ్చే ఏడాది విద్యా సహాయం నుంచి కొంత మొత్తాన్ని ఈ చార్జీలకు, కూలికి విడిగా ఉంచడానికి మీ అనుమతి కోరుతున్నాం. సాయం ఏడో తరగతి పిల్లల నుంచి మొదలుపెడతాం. పదో తరగతి నామినల్ రోల్‌కు ఇంకా మూడేళ్లు ఉంటుంది, పేరు చేర్చే పదిహేనేళ్ల గడువూ మిగిలి ఉంటుంది.

ఇంటికెళ్లాక ఒక్క పని చేయండి. మీ పిల్లల, మనవల జనన ధ్రువపత్రం బయటికి తీసి, పేరు గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఖాళీగా ఉంటే నమోదు తేదీకి పదిహేనేళ్లు కలిపి, ఆ తేదీని గోడ క్యాలెండరు మీద రాసుకోండి. మీ ఇంట్లో పనిచేసేవాళ్ల పిల్లలకు కూడా ఇదే చూడండి. ఏ కాగితం దొరక్కపోయినా తల్లిని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని మా దగ్గరికి పంపండి.

వస్సలాం.